ఫొటో గురించి యంత్రం చెప్పేది తొలి చూపు మాత్రమే

2025 ఆగస్టు 2న గాజా నగరంలో ఏఎఫ్‌పీ వార్తాసంస్థ ఛాయాగ్రాహకుడు ఒమర్ అల్ ఖత్తా ఒక ఫొటో తీశారు. తల్లి చేతుల్లో తొమ్మిదేళ్ల బాలిక. ఒంటి మీద ఎముకలు తప్ప మరేమీ మిగలలేదు. యుద్ధానికి ముందు 25 కిలోల బరువున్న తన బిడ్డ ఇప్పుడు తొమ్మిది కిలోలే ఉందని ఆ తల్లి వార్తాసంస్థకు చెప్పింది. ఫొటో ప్రపంచమంతా తిరిగింది. చూసినవారిలో కొందరు దానిని ఎక్స్ వేదికలోని గ్రోక్ అనే కృత్రిమ మేధకు చూపించి, ఇది ఎక్కడిదని అడిగారు. ఇది గాజాది కాదు, 2018 అక్టోబరులో యెమెన్‌లో తీసిన ఫొటో అని గ్రోక్ జవాబిచ్చింది. సందేహంగా కూడా చెప్పలేదు. ఏడేళ్ల వయసులో ఆకలితో కన్నుమూసిన ఒక యెమెన్ బాలిక పేరు సహా చెప్పింది.

అది తప్పు. తప్పని ఎత్తిచూపినవారితో, తాను అబద్ధాలు వ్యాపింపజేయననీ, ధ్రువీకరించిన ఆధారాల మీదనే మాట్లాడతాననీ వాదించింది. ఒక దశలో పొరపాటు ఒప్పుకుంది. మర్నాడు మరొకరు అడిగితే మళ్లీ యెమెన్ అనే చెప్పింది. ఈలోగా ఆ ఫొటోను పంచుకున్న ఫ్రాన్స్ పార్లమెంటు సభ్యుడు ఎమెరిక్ కారోన్ అబద్ధపు ఫొటోలతో ప్రచారం చేస్తున్నాడన్న నింద మోయవలసి వచ్చింది. అంతకు కొన్ని రోజుల ముందు జులైలో తీసిన మరో గాజా ఫొటో విషయంలోనూ ఇదే జరిగింది. అప్పుడు నింద మోసింది ఫ్రెంచి దినపత్రిక లిబెరాసియోన్.

ఆ బిడ్డ బాధను అబద్ధం చేసింది ఏ ప్రభుత్వ ప్రతినిధో కాదు, ఏ శత్రు ప్రచారకుడో కాదు. ఎవరో మామూలు మనిషి నిజం తెలుసుకుందామని అడిగిన ప్రశ్నకు ఒక యంత్రం ఇచ్చిన జవాబు. అందుకే ఈ నెల ఈ విషయం మీద కాస్త తీరికగా మాట్లాడదలచాం. మన ఊళ్లలోనూ ఇప్పుడు అర్జీ రాసేవారు, వార్త పంపేవారు, వాట్సాప్‌లో వచ్చిన ఫొటో నిజమో కాదో తేల్చుకోవాలనుకునేవారు ఇదే పని చేస్తున్నారు. ఫొటోను ఫోనులోని యాప్‌కు ఇచ్చి ఇందులో ఏముందో చెప్పమంటున్నారు. వచ్చిన జవాబును రుజువుగా పట్టుకుంటున్నారు.

గ్రోక్ ఎందుకు పొరబడింది? దురుద్దేశం వెతకడానికి ముందు దాని పనితీరు చూడాలి. ఇలాంటి మోడల్ ఒక నాటి వరకు పోగైన ఫొటోలతో, వాటి కింద ఉన్న వాక్యాలతో శిక్షణ పొందుతుంది. ఆ తరువాత తీసిన ఫొటో దాని జ్ఞాపకంలో ఉండే అవకాశమే లేదు. ఆగస్టు 2న తీసిన ఫొటోను అదే వారంలో చూపిస్తే, అది చేయగలిగింది ఒక్కటే: తనకు తెలిసినవాటిలో దీనికి దగ్గరగా ఉన్నది ఏదని వెతకడం. బక్కచిక్కిన బాలిక, ఎముకలు తేలిన ఛాతీ, అరబ్బు ముఖం. 2018లో యెమెన్ కరువు మీద వచ్చిన ఒక ఫొటో అప్పట్లో ప్రపంచమంతా ప్రచురితమైంది, దాని కింద వేలసార్లు వ్యాఖ్యలు రాశారు. కనుక దగ్గరి పోలిక అక్కడ దొరికింది. పోలికను గుర్తింపుగా ప్రకటించింది.

ఇక్కడ ఒక సాదా సంగతి గుర్తుంచుకోవాలి. ఫొటోలోని రంగుల్లో, వెలుగునీడల్లో తేదీ ఉండదు, ఊరి పేరు ఉండదు. ఆ ఫొటో గాజాదని వార్తాసంస్థకు తెలిసింది ఫొటోను చూసి కాదు. తీసినవాడు ఎవరో తెలుసు, ఏ రోజు ఎక్కడ నిలబడి తీశాడో తెలుసు, తల్లితో మాట్లాడిన విలేఖరి ఉన్నాడు, మూలం ఫైలు ఉంది. నిర్ధారణ అంతా ఫొటో బయట ఉంది. మోడల్‌కు అందింది ఫొటో మాత్రమే.

మన హదీసు పండితులు శతాబ్దాల కిందటే ఈ రెండింటినీ వేరు చేసి పెట్టారు. ఉల్లేఖనంలోని విషయం మత్న్. అది ఎవరి నుంచి ఎవరికి, వారి నుంచి మరెవరికి చేరిందో చెప్పే పరంపర సనద్. విషయం ఎంత సహజంగా, ఎంత అందంగా ఉన్నా పరంపరలో ఒక మనిషి ఎవరో తెలియకపోతే ఆ ఉల్లేఖనాన్ని పక్కన పెట్టేవారు. యంత్రం రాసే వర్ణనకు మత్న్ ఉంటుంది. సనద్ ఉండదు.

ఇక మా ముందుకే వచ్చిన ఒక ఉదంతం చెబుతాం. ఊరి పేరు, మనుషుల పేర్లు అక్కరలేదు.

ఒక మండల కేంద్రం నుంచి ఖబరస్తాన్ కమిటీలో పనిచేసే ఒక యువకుడు మాకు పదకొండు ఫొటోలు పంపాడు. రోడ్డు వెడల్పు పనులు జరుగుతున్న వైపు ఖబరస్తాన్ ప్రహరీ కొంత మేర పడిపోయింది. ఆ ఫొటోలతో పాటు చక్కటి తెలుగులో అర పేజీ నివేదిక కూడా పంపాడు. దాని సారాంశం ఇది: ధ్వంసమైన గోడ ముందు ముస్లిములు నిరసన తెలుపుతున్నారు, ఖాకీ దుస్తుల్లోని ఇద్దరు పోలీసులు వారిని గమనిస్తున్నారు, వెనుక మసీదు గుమ్మటం కనిపిస్తున్నది, కుడివైపు ‘ఇది ప్రభుత్వ భూమి, ఆక్రమించినవారు శిక్షార్హులు’ అనే బోర్డు ఉన్నది.

పత్రిక అచ్చుకు వెళ్లడానికి రెండు రోజులుంది. నిజం చెప్పాలంటే మేము కూడా మొదట నమ్మాం. వాక్యాలు తీరుగా ఉన్నాయి, ఫొటోలో గోడ కనిపిస్తూనే ఉంది. బోర్డు సంగతే మమ్మల్ని ఆపింది. తరాలుగా మన ఖబరస్తాన్ అయిన చోట ప్రభుత్వ భూమి అనే బోర్డు ఎప్పుడు పెట్టారు, ఎవరు పెట్టారు? ఫోను చేసి అడిగితే ఆ యువకుడు తడబడ్డాడు. “బోర్డు చాలా ఏళ్లుగా ఉంది సార్, మా పెద్దవాళ్లు పెట్టించిందే” అన్నాడు. మరి ప్రభుత్వ భూమి అని ఎందుకు రాశారంటే, ఆ నివేదిక తాను రాయలేదనీ, ఫొటోను ఒక యాప్‌కు ఇస్తే వచ్చిన వర్ణనను కాస్త భాష సరిచేసి పంపాననీ చెప్పాడు. తప్పు చేసినట్టు అతనికి తోచలేదు. యంత్రం చూసి చెప్పింది కదా, మనకంటే నిష్పక్షపాతంగా ఉంటుందనుకున్నాడు. ఆ మాటను తేలిగ్గా తీసివేయలేం. మన మాట ఎక్కడికి వెళ్లినా మీ పక్షం మీరు చెప్పుకుంటున్నారని అనిపించుకునే మనుషులకు, పక్షం లేని సాక్షి ఒకడు దొరికాడన్న ఆశ సహజం.

అప్పుడు ఒక్కొక్క వాక్యాన్ని ఫొటోతో పక్కపక్కన పెట్టి చదివాం.

మొదటిది నిరసన. ఫొటోలో పద్నాలుగు మంది మగవారు మూడు వరుసల్లో నిలబడి ఉన్నారు. తలమీద టోపీలు. అందరూ ఒకే దిక్కుకు తిరిగి ఉన్నారు. ఎవరి చేతిలోనూ ప్లకార్డు లేదు, ఎవరి చేయీ పైకి లేచి లేదు. చేతులన్నీ ముందుకు కట్టుకుని ఉన్నాయి. మన ఇళ్లలో పదేళ్ల పిల్లవాడిని అడిగినా చెబుతాడు, అది జనాజా నమాజు. అందులో రుకూ లేదు, సజ్దా లేదు, మొదటి నుంచి చివరి దాకా నిలబడే చేస్తారు. వంగిన మనిషి, నేలకు నుదురు ఆనించిన మనిషి కనిపించి ఉంటే మోడల్ బహుశా నమాజు అని రాసేది. నిలబడిన గుంపు, పడిన గోడ ఒకే చోట కనిపించేసరికి, శిక్షణలో చూసిన వాక్యాల్లో అలాంటి దృశ్యం పక్కన ఎక్కువగా వచ్చే మాటను తెచ్చి పెట్టింది. టోపీలు పెట్టుకున్న మగవారి గుంపు వార్తా ఫొటోల్లో ఏ సందర్భంలో ఎక్కువగా అచ్చవుతుందో మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. పెళ్లి భోజనాలవీ జనాజాలవీ ఎవరూ వార్తగా వేయరు. ఉద్రిక్తతలవి వేస్తారు. పత్రికల చూపే యంత్రానికి చూపయింది.

రెండవది ఖాకీ. ఇద్దరూ ఖాకీ చొక్కాలే వేసుకున్నారు, నిజమే. అయితే ఒకరికి కాళ్లకు చెప్పులు, ఇద్దరికీ బెల్టు లేదు, భుజం మీద బిళ్ల లేదు. ఫొటో అంచున సగం కనిపిస్తున్న ఆటో ముందు చక్రం ఉంది. మన రాష్ట్రాల్లో ఆటో నడిపేవారి ఒంటిమీద కూడా ఖాకీయే. జనాజాకు మనుషులను తెచ్చిన ఆటోవాళ్లు వాళ్లు. ఆ యువకుడిని అడిగితే ఇద్దరినీ పేరు పెట్టి చెప్పాడు, ఒకతను వాళ్ల బంధువే.

గుమ్మటం మసీదుది కాదు, దర్గాది. ఇది పెద్ద తప్పేమీ కాదు, మన అర్జీకి అవసరమూ లేదు. వదిలేస్తాం.

బోర్డు దగ్గర ఎక్కువసేపు ఆగాలి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోను పెద్దది చేసి చూస్తే రంగు పెచ్చులూడిన ఇనుప రేకు మీద పైన ఉర్దూ వరుస, కింద తెలుగు వరుస ఉన్నాయి. తెలుగు వరుసలో మొదటి పదం చోట తుప్పు. తరువాత ‘భూమి’ అని తెలుస్తోంది, కింద ‘శిక్షార్హులు’ అనే మాట తెలుస్తోంది. మధ్యలో మసక. మోడల్ చదివింది ఈ రెండు మాటలే. మిగిలినది అది చదవలేదు, పూరించింది. రాష్ట్రమంతటా రోడ్ల పక్కన కనిపించే బోర్డుల్లో ‘భూమి’కి ముందు ఎక్కువసార్లు వచ్చే మాట ‘ప్రభుత్వ’. కనుక అదే రాసింది. ఉర్దూ వరుస సంగతి ఎత్తనే లేదు.

ఇది ఎందుకు జరుగుతుందో కొంచెం లెక్కతో చెబుతాం, ఎక్కువ విసిగించం. మోడల్ ఫొటోను మనలా చూడదు. ముందు దానిని ఒక నిర్ణీత పరిమాణానికి కుదిస్తుంది, చిన్న చదరాలుగా కోస్తుంది, ఒక్కో చదరాన్ని అంకెల వరుసగా మారుస్తుంది. ఆ అంకెలను చూస్తూ భాషా మోడల్ ఒక్కో మాట తరువాత ఏ మాట రావడానికి ఎక్కువ అవకాశముందో లెక్క కట్టి వాక్యం అల్లుతుంది. ఉదాహరణకు 2023లో వచ్చిన, పరిశోధకులు విరివిగా వాడిన లావా 1.5 అనే మోడల్‌లో ఫొటో ఎంతటిదైనా ఒక్కో వైపు 336 పిక్సెళ్లకు కుదిరిపోతుంది. దానిని 14 పిక్సెళ్ల చదరాలుగా కోస్తే అడ్డంగా 24, నిలువుగా 24, మొత్తం 576 చదరాలు. ఫోనులో తీసిన ఫొటో వెడల్పు 4000 పిక్సెళ్లనుకుందాం. అందులో బోర్డు మీది అక్షరం ఎత్తు 60 పిక్సెళ్లు. అంత ఉంటే మన కంటికి హాయిగా కనిపిస్తుంది. 336కు కుదించాక ఆ అక్షరం ఎత్తు ఐదు పిక్సెళ్లు. ఐదు చుక్కల ఎత్తులో ‘వ’కూ ‘ప’కూ తేడా ఏం మిగులుతుంది? ఉర్దూలో ఒక నుక్తా ఎక్కడ నిలుస్తుంది? తరువాత వచ్చిన మోడళ్లు పెద్ద ఫొటోను ముక్కలుగా చేసి ఇంకా స్పష్టంగా చూస్తున్నాయి, ఆ మేరకు మెరుగే. కానీ తుప్పు కింది అక్షరం ఎన్ని ముక్కలు చేసినా కనిపించదు. కనిపించని చోట ఖాళీ వదిలే అలవాటు ఈ యంత్రాలకు తక్కువ. వాక్యం పూర్తి చేయడమే వాటికి నేర్పిన పని. ఫొటోలో లేని వస్తువులను వ్యాఖ్యలో చేర్చే ఈ గుణాన్ని పరిశోధకులు 2018 నాటికే కొలిచి చూపించారు, దానికి భ్రాంతి అని పేరు పెట్టారు.

ఆ యువకుడి చేత రెండు పనులు చేయించాం. ఒకటి, అదే ఫొటోను మళ్లీ పంపమన్నాం, ఈసారి ఫొటోగా కాదు, డాక్యుమెంటుగా. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది కుదించి పంపుతుంది, ఫైలులో దాగి ఉండే తేదీ, సమయం, ఫోను రకం, స్థలం వంటి వివరాలూ పోతాయి. డాక్యుమెంటుగా పంపితే మూలం ఉన్నదున్నట్టు వస్తుంది. రెండు, ఇప్పుడే వెళ్లి బోర్డును అడుగు దూరం నుంచి ఒకటి, వెనక్కి జరిగి గోడ, రోడ్డు, దర్గా అన్నీ కనిపించేలా ఒకటి తీయమన్నాం. దగ్గరి ఫొటోలో ఉర్దూ వరుస మొదటి మాట మా కార్యాలయానికి వచ్చే ఒక విశ్రాంత ఉర్దూ ఉపాధ్యాయులు చూసిన క్షణంలో చదివారు: వక్ఫ్. తుప్పు మరకలో తెలుగు ‘వ’ తల కూడా అప్పుడు తెలిసింది. కింద మూలన సర్వే నంబరు ఉంది. కమిటీ దగ్గరున్న వక్ఫ్ గెజిట్ నకలులో ఆ నంబరు, ఆ ఖబరస్తాన్ పేరు కలిశాయి. అప్పటికి గానీ ఆ బోర్డు మీద ఏముందో మాకు తెలిసిందని చెప్పుకోలేకపోయాం.

ఆ నివేదిక అలాగే వెళ్లి ఉంటే ఏమయ్యేదో ఊహించండి. మన సంతకాలతో, మన అర్జీలో, మన చేతులతోనే ఇది ప్రభుత్వ భూమి అని బోర్డు ఉందని రాసి ఇచ్చినవాళ్లమయ్యేవాళ్లం. అవతలి వకీలుకు అంతకంటే ఏం కావాలి? వక్ఫ్ ఆస్తుల వివరాలన్నీ ఉమీద్ పోర్టల్‌లో నమోదు చేయవలసిన పని 2025 జూన్ నుంచి ముతవల్లీల నెత్తిన పడ్డది. కాగితాలతో ఎప్పుడూ పెద్దగా పని పడనివారు తొందరలో ఇలాంటి యాప్‌ల సాయం తీసుకోవడం వింత కాదు. ఒక తప్పు మాట రికార్డులోకి ఎక్కితే దానిని దింపడానికి ఎన్నేళ్లు పడుతుందో మనకు అనుభవమే.

ఇక గోడ. ‘ధ్వంసమైన గోడ’ అన్నది వర్ణన. ఆ యువకుడి మనసులోనూ అదే ఉంది, కనుక ఆ మాట అతనికి రుజువులా తోచింది. ఫొటోలో కనిపించేది గోడ పడి ఉండడమే. ఎలా పడిందో ఫొటో చెప్పదు. ఇటుకలు లోపలి వైపుకు పడి ఉన్నాయి, పక్కన మట్టి మీద పెద్ద టైరు జాడ ఉంది. ఇరుగుపొరుగు నలుగురిని విడివిడిగా అడిగించాం. వానకు గోడ ముందే ఒరిగి కొంత కూలిందని ఇద్దరు, మిగిలిన భాగాన్ని కాంట్రాక్టరు జేసీబీ తోసేసిందని ముగ్గురు చెప్పారు (ఒకాయన రెండూ చెప్పాడు). కాబట్టి కమిటీ తన ఫిర్యాదును మార్చి రాసింది. మొత్తం గోడను కూల్చారని కాక, వానకు దెబ్బతిన్న గోడను నోటీసు ఇవ్వకుండా యంత్రంతో తొలగించారని రాసింది. మొదటి దానికంటే ఇది చప్పగా ఉందని కొందరు యువకులు నొచ్చుకున్నారు. మేము మాత్రం దీనినే అచ్చువేశాం. ఇందులో ఒక్క వాక్యాన్ని కూడా ఎవరూ పీకలేరు.

ఇంకొక సంగతి. ఆ యాప్ ఇచ్చిన అసలు జవాబును మేము అడిగి తెప్పించుకుని చూశాం. అందులో ‘పోలీసులుగా కనిపిస్తున్న ఇద్దరు’, ‘నిరసన కావచ్చు’ అని ఉంది. భాష సరిచేసేటప్పుడు ఈ సందేహపు మాటలన్నీ రాలిపోయాయి. రాసిన పిల్లవాడికి అవి నసుగుడులా అనిపించాయి. ఒక చేతి నుంచి ఇంకో చేతికి వెళ్లేటప్పుడు మొదట పోయేది ‘కావచ్చు’ అనే మాటే. అలాగని సందేహపు మాట ఉన్నచోట మాత్రమే సందేహించాలనుకోకూడదు. బోర్డు గురించి అది ఏ సందేహమూ చెప్పలేదు, అక్కడే అతి పెద్ద తప్పు చేసింది. దాని గొంతులోని ధీమాకూ దాని మాటలోని నిజానికీ సంబంధం లేదు.

నమ్మకం కలగకపోతే మళ్లీ అడుగుదామని కొందరంటారు. అదే యంత్రాన్ని రెండోసారి అడగడం రెండో సాక్షిని పిలవడం కాదు. పైగా అడిగే తీరును బట్టి జవాబు ఒరుగుతుంది. ‘పోలీసు చేతిలో లాఠీ ఉందా?’ అని అడిగితే ఉందనడానికే ఈ మోడళ్లు ఎక్కువగా మొగ్గుతాయని పరీక్షల్లో తేలింది. పరీక్షించదలచినవారు ఒక పని చేయవచ్చు. ఫొటోలో లేదని మనకు ఖాయంగా తెలిసినదాని గురించి అడగండి, ‘ఎడమ వైపు ఉన్న అంబులెన్సు రంగు ఏమిటి?’ అని. రంగు చెప్పిందంటే మిగిలిన జవాబుల విలువ ఎంతో తెలిసిపోతుంది. అంబులెన్సు లేదని సరిగ్గా చెప్పినా, తక్కినవన్నీ నిజమని దానర్థం కాదు.

మరి దీనిని ముట్టుకోవద్దంటున్నామా? లేదు. మా దగ్గర పాత సంచికల కోసం తీసిన వందలాది ఫొటోలు అట్టపెట్టెల్లో ఉన్నాయి. వాటిని స్కాను చేసి, ఏ ఫొటోలో సభ ఉంది, ఏ ఫొటోలో భవనం ఉంది, ఏ ఫొటోలో రాతకాగితం ఉంది అని వేరు చేయడానికి ఈ యంత్రాన్నే వాడుతున్నాం. నెల పట్టే పని రెండు రోజుల్లో అయింది. వేదిక మీద ఉన్నవారెవరో దానిని అడగం. అడిగితే పేరున్న మనిషి ఎవరో ఒకరి పేరు చెబుతుంది. ఆ సభల్లో కూర్చున్న పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు, వారిని అడుగుతాం. చూపు లేని మన పాఠకులొకరు బంధువుల వాట్సాప్ గ్రూపులో వచ్చే ఫొటోల్లో ఏముందో ఫోను చేత చెప్పించుకుంటారు. మనవరాలు ఏ రంగు బట్టలు వేసుకుందో తనకు తెలుస్తోందని సంతోషంగా చెప్పారు. మందు సీసా మీద పేరు మాత్రం ఇంట్లో మనిషినే చదవమంటారు. ఎక్కడ తప్పు జరిగినా ఫరవాలేదో, ఎక్కడ జరగకూడదో ఆయన గీసుకున్న గీత మాకు నచ్చింది.

న్యాయస్థానం ఫొటోను ఎలా చూస్తుందో కూడా మన కార్యకర్తలు తెలుసుకోవాలి. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డును సాక్ష్యంగా పెట్టాలంటే దానితో ధ్రువపత్రం జతచేయాలి. అందులో మొదటి భాగం ఆ రికార్డును సమర్పించేవారు, రెండవ భాగం నిపుణుడు నింపాలి. ఏ పరికరం నుంచి వచ్చింది, ఆ పరికరం ఎవరి అధీనంలో ఉంది, ఫైలుకు వేలిముద్ర లాంటి హ్యాష్ విలువ ఎంత అన్నవి అందులో ఉంటాయి. ఫైలులో ఒక్క చుక్క మారినా హ్యాష్ విలువ మారిపోతుంది. కనుక ఫొటో తీసిన ఫోను, అందులోని మూలం ఫైలు పోగొట్టుకుంటే ఎంత వివరమైన వర్ణన ఉన్నా ఆ లోటు తీరదు. ఫొటో తీయగానే తేదీ, స్థలం, ఎటువైపు తిరిగి తీశారు, పక్కన ఎవరున్నారు అన్నవి ఒక కాగితం మీద తమ చేతిరాతతో రాసుకుంటే, ఆ నాలుగు ముక్కలు ఏ యంత్రపు అర పేజీ కంటే ఎక్కువ పనికొస్తాయి.

ఇకపై మా పత్రికకు ఫొటోలు పంపేవారు మూలం ఫైలును డాక్యుమెంటుగా పంపాలని, తీసినవారి పేరు, ఫోను నంబరు మాకు తెలియజేయాలని కోరుతున్నాం. అవి అచ్చువేయం, మా దగ్గర ఉంచుకుంటాం. వర్ణన యంత్రంతో రాయించి ఉంటే ఆ మాట కూడా చెప్పండి, మేము తప్పుపట్టం. వీలైతే అందులో మీ కంటితో చూసింది ఏది, ఫొటోలో అక్షరాలుగా చదవగలిగేది ఏది, ఊహించింది ఏది అని మూడు రంగుల గీతలు గీసి పంపండి. ఆ యువకుడు ఇప్పుడు అలాగే పంపుతున్నాడు. అతని తరువాతి నివేదికలో మూడో రంగే ఎక్కువగా ఉండడం చూసి తనే నవ్వుకున్నాడట.

ఖబరస్తాన్ అర్జీకి జవాబు ఇంకా రాలేదు. ఈలోగా కమిటీవారు బోర్డుకు కొత్త రంగు వేయించడానికి పెయింటరును మాట్లాడుకున్నారని తెలిసింది. మంచి ఆలోచనే. అయితే రంగు పడేలోపు ఆ పాత రేకును, సర్వే నంబరు ఉన్న మూలతో సహా, రెండు వైపులా మళ్లీ ఫొటో తీసి ఆ ఫోనును జాగ్రత్తగా ఉంచమని కబురు పంపాం.